ఒక పొడి, ఒక ఫోను: సంఘం అక్కలు వాట్సాప్‌లో అమ్మకం మొదలుపెట్టడం ఎలా

అక్కలూ, ఈరోజు మీటింగులో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ అన్నీ ఒకేసారి నేర్చేసుకుందామని వచ్చినవాళ్లకి కాస్త నిరాశే. నేను ఒక్క వస్తువు గురించీ, ఒక్క వాట్సాప్ నంబరు గురించే చెబుతాను. ఇంట్లో చేసిన కంది పొడిని వేరే ఊళ్లో ఉన్నవాళ్లకి ఎలా అమ్మాలి, ఎంతకి అమ్మాలి, డబ్బు ఎలా తీసుకోవాలి, పార్శిల్ ఎలా వేయాలి, అంతే. ఇది ఒక్క చుట్టు సరిగ్గా తిరిగితే మిగతావి అదే దారిలో నడుస్తాయి.

కంది పొడే ఎందుకు

ఏ సంఘంలో అడిగినా మొదట వినిపించే మాట ఆవకాయ. రుచి విషయంలో మీతో వాదించను. కానీ పార్శిల్ విషయానికొస్తే మొదటి వస్తువుగా అంత ఇబ్బంది పెట్టేది ఇంకోటి లేదు. నూనె కారుతుంది, బరువెక్కువ, సీసా అయితే పగులుతుంది, డబ్బా అయితే మూత దగ్గర ఊరుతుంది. ఒక్క పార్శిల్ కారి పక్కవాళ్ల సరుకు మీద పడిందంటే ఆ కొరియర్ అబ్బాయి రెండోసారి మీ పార్శిల్ తీసుకోవడానికి ఆలోచిస్తాడు. అరిసెలు దారిలో విరుగుతాయి. పల్లీ పొడి, కొబ్బరి కారం బాగా అమ్ముడుపోతాయి కానీ వాటిలో నూనె ఎక్కువ. వేసవిలో తొందరగా కనరు వాసన వస్తాయి.

కంది పొడి పొడిగా ఉంటుంది, తేలిక, విరిగేది లేదు, ఏడాది పొడుగునా చేయొచ్చు. పట్నంలో ఉద్యోగం చేసుకునే తెలుగు పిల్లాడికి అదేంటో వివరించక్కర్లేదు. అన్నం వండుకుని నెయ్యి వేసుకుంటే పూట గడిచిపోతుంది. ప్రతి కిరాణా కొట్టులోనూ దొరుకుతుందనేది నిజమే. అయితే కొట్టులో ప్యాకెట్ మీద తేదీ ఉన్నా, అది ఎవరి చేతి వంటో కొనేవాళ్లకి తెలియదు. మీ దగ్గర మొన్న శనివారం చేసిన పొడి ఉంటుంది. మీరు అమ్మేది ఆ తాజాదనాన్నే.

మొదటి దఫా

కొలత కాగితం మీద రాసి గోడకి అంటించండి. ఈ నెల ఒక అక్క, వచ్చే నెల ఇంకో అక్క చేస్తారు. చెయ్యి మారినా రుచి మారకూడదు. ఇక్కడ లెక్క కోసం ఒక కొలత చెబుతున్నాను, మీ ఇంటి పద్ధతి వేరైతే అదే పెట్టుకోండి: కందిపప్పు 3 కిలోలు, పుట్నాలు 1 కిలో, ఎండుమిర్చి 400 గ్రాములు, జీలకర్ర 150, ఉప్పు 250 గ్రాములు, కాస్త ఇంగువ.

పప్పుని కడగొద్దు. పొడిగుడ్డతో తుడిచి, ఒక పూట ఎండలో పెట్టి, సన్నని మంట మీద వేయించండి. పైన ఎర్రబడిందని దించేస్తే లోపల పచ్చిగానే ఉంటుంది. ఒక బద్దని కొరికి చూడండి, లోపల కూడా రంగు మారి కరకరలాడాలి. పచ్చి వాసన ఉన్న పొడి గురించి కొన్నవాళ్లు ఫిర్యాదు చేయరు, ఊరికే మళ్లీ కొనరు. మిర్చిని నూనె వేయకుండా వేయించండి. ఉప్పుని కూడా ఒకసారి బాణలిలో వేడి చేయండి, ఎందుకంటే రాళ్లుప్పులో తేమ ఉంటుంది.

వెల్లుల్లి వేయొద్దు. నాకూ వెల్లుల్లి వేసిన కంది పొడే ఇష్టం. కానీ పచ్చి వెల్లుల్లి రెబ్బలో ఉండే నీరే పొడి ఆయుష్షు తగ్గించేస్తుంది. లేబుల్ మీద "తినేటప్పుడు వెల్లుల్లి దంచి కలుపుకోండి" అని రాయండి. వెల్లుల్లి తినని ఇళ్లవాళ్లు కూడా అప్పుడు కొంటారు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పొడి పట్టగానే వేడిగా ఉంటుంది, మిక్సీలో అయినా మరలో అయినా. ఆ వేడితోనే కవర్లో పోసి సీలు వేస్తే లోపల ఆవిరి పట్టి చెమ్మగా మారుతుంది. ముందు పొడి గడ్డలు కడుతుంది, తర్వాత బూజు వస్తుంది. అందుకని పెద్ద స్టీలు పళ్లాల్లో పల్చగా పరిచి, పల్చటి గుడ్డ కప్పి, పూర్తిగా ఆరనివ్వండి. అరచేతి వెనక భాగం ఆనించి చూస్తే వెచ్చదనం తెలియకూడదు. అలాగని వానాకాలంలో రాత్రంతా బయట వదిలేయకండి, గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఆరిన వెంటనే ప్యాకింగ్ చేసేయాలి.

ప్యాకింగులో తప్పు ఎక్కడ జరుగుతుందో చెబుతాను. చెంచాతో పొడి పోస్తున్నప్పుడు కవరు మూతి లోపలి వైపు సన్నగా అంటుకుంటుంది. దాని మీద సీలు వేస్తే చూడ్డానికి అతికినట్టే ఉంటుంది కానీ ఆ పొడి ఉన్నచోట సన్నటి దారి మిగిలిపోతుంది. గాలి అక్కడినుంచే వెళ్తుంది. వెడల్పు మూతి గరాటు పెట్టి పోయండి, సీలు వేసేముందు మూతి లోపల పొడి గుడ్డతో తుడవండి. తర్వాత ప్యాకెట్‌ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా నొక్కండి. బుస్సుమని గాలి వినిపిస్తే విప్పి మళ్లీ వేయండి. అనుమానంగా ఉంటే నీళ్ల గిన్నెలో ముంచి నొక్కండి, బుడగ రాకూడదు.

ఒక్కో ప్యాకెట్ 200 గ్రాములు పెట్టండి. పావుకిలో కాకుండా 200 ఎందుకో పార్శిల్ దగ్గర చెబుతాను.

మొదటి దఫాలో మూడు ప్యాకెట్లు అమ్మకుండా దాచండి. ఫ్రిజ్‌లో కాదు, వంటింటి అటక మీద, వేడి తగిలేచోట. పార్శిల్ లారీలో పరిస్థితి దాదాపు అలాగే ఉంటుంది. నెలకి ఒకటి, రెండు నెలలకి ఒకటి, మూడు నెలలకి ఒకటి విప్పి, ముందు వాసన చూసి, తర్వాత రుచి చూడండి. మీ పొడి ఎన్నాళ్లు నిలుస్తుందో దాన్ని బట్టి తేలుతుంది. అప్పటిదాకా లేబుల్ మీద 45 రోజులకు మించి రాయకండి. "మా అమ్మ చేస్తే ఆరు నెలలుండేది" అంటారు. అమ్మ గాజు జాడీలో పెట్టేది, తడి చెయ్యి తగలనిచ్చేది కాదు. కొన్నవాళ్లు ఎలా వాడతారో మనకు తెలియదు.

ధర ఎలా కట్టాలి

చాలామంది సరుకు ఖర్చు చూసి దానికి రెట్టింపు వేస్తారు. పొడుల విషయంలో ఆ లెక్క ముంచుతుంది. ఎలాగో పైన చెప్పిన దఫా మీదే చూద్దాం. ధరలు ఉదాహరణకి వేస్తున్నాను, మీ ఊరి రేటు మీరు వేసుకోండి.

కందిపప్పు 420 రూపాయలు, పుట్నాలు 120, మిర్చి 100, జీలకర్ర 45, ఉప్పూ ఇంగువా కలిపి 15. మొత్తం 700. సరుకు తూకం 4 కిలోల 800 గ్రాములు. కానీ చేతికి వచ్చే పొడి అంత ఉండదు. వేయిస్తే తేమ పోతుంది, మిర్చి తొడిమలు పోతాయి, మిక్సీకి కొంత అంటుకుంటుంది. 4 కిలోల 400 గ్రాములు వచ్చిందనుకోండి, అంటే 22 ప్యాకెట్లు. 700ని 22తో భాగించండి. ఒక్కో ప్యాకెట్‌కి సరుకు 32 రూపాయలు.

దాని మీద గ్యాసు, మిక్సీ కరెంటు 5. కవరు, లేబుల్ 8. ఇక్కడిదాకా అందరూ వేస్తారు. అందరూ మర్చిపోయేది కూలి. ఇద్దరు అక్కలు చెరో పూట పని చేశారు, పూటకి 200 చొప్పున 400. ప్యాకెట్‌కి 18 పడుతుంది. "మన ఇంటి పనే కదా, కూలి ఏంటి" అనకండి. ఆ పూట పొలం పనికి వెళ్తే వచ్చే డబ్బు అది. రుచి చూపించడానికి ఇచ్చినవి, సీలు పోయినవి, అటక మీద దాచినవి కలిపి ప్యాకెట్‌కి ఇంకో 5 వేయండి.

32, 5, 8, 18, 5. మొత్తం 68 రూపాయలు. సరుకుకి రెట్టింపు లెక్కన అమ్మితే వచ్చేది 64. అంటే ప్రతి ప్యాకెట్‌కీ మీ కూలిలోంచి 4 రూపాయలు కొన్నవాళ్లకి ఎదురు ఇస్తున్నారు. చేతికి డబ్బు వస్తూనే ఉంటుంది కాబట్టి నష్టమని తెలియదు, నాలుగు నెలలయ్యాక "ఎందుకో మిగలట్లేదు" అని ఆపేస్తారు.

100 రూపాయలు పెట్టండి. ప్యాకెట్‌కి 32 మిగులుతుంది, 22 ప్యాకెట్లూ అమ్ముడైతే దఫాకి 704. ఇందులోంచి ఫోను చూసుకునే అక్కకి 200 ఇవ్వండి, ఎందుకంటే మెసేజ్‌లకి జవాబులివ్వడం కూడా పనే. మిగిలింది సంఘం ఖాతాలో వేసి తర్వాతి దఫా సరుకుకి పెట్టుబడిగా వాడండి, అప్పు చేయక్కర్లేదు. పక్కనున్న కొట్టు ఆయన "నాకు 70కి ఇవ్వండి, యాభై ప్యాకెట్లు తీసుకుంటా" అంటే ఆశపడకండి. అక్కడ మీకు మిగిలేది ప్యాకెట్‌కి 2 రూపాయలు, అదీ ఆయన ఎప్పుడో ఇచ్చాక.

కాగితాల పని

తినే వస్తువు అమ్ముతున్నారు కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ, అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ రిజిస్ట్రేషన్ కావాలి. ఇంట్లో చేసినా, వాట్సాప్‌లో అమ్మినా కావాల్సిందే. పేరు విని భయపడకండి. ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలుండే చిన్నవాళ్లకి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. ఫీజు ఏడాదికి 100 రూపాయలు. foscos.fssai.gov.in లో ఫోటో, ఆధార్, తయారుచేసే చోటి అడ్రసు పెట్టి దరఖాస్తు చేయాలి. నెట్ సెంటరులో చేయించుకుంటే వాళ్ల సర్వీసు చార్జీ వేరుగా ఉంటుంది. వేలల్లో అడిగితే వేరే సెంటరు చూసుకోండి.

ఒక్క మెలిక ఉంది. రిజిస్ట్రేషన్ తయారుచేసే చోటికి ఇస్తారు. పది మంది పది ఇళ్లలో వేయిస్తామంటే ఒక్క నంబరుతో కుదరదు. అందుకని ఒక్క ఇంటి వంటగది తేల్చుకుని అందరూ అక్కడే చేయండి. రుచి ఒకేలా రావడానికీ అదే మంచిది.

14 అంకెల నంబరు వస్తుంది. లేబుల్ మీద ఆ నంబరు, పొడి పేరు, ఏమేం వేశారు, ఆకుపచ్చ చుక్క గుర్తు, తూకం, పన్నులన్నీ కలిపిన ధర, తయారుచేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, దఫా నంబరు, మీ అడ్రసు, ఫిర్యాదుకి ఫోను నంబరు ఉండాలి. ఎంత గొప్పగా ఉన్నా "షుగర్ తగ్గిస్తుంది" లాంటి మాటలు రాయొద్దు. సర్టిఫికెట్ లేకుండా "ఆర్గానిక్" అనీ రాయొద్దు.

జీఎస్టీ మాట కూడా ఇక్కడే అనేస్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. సొంత రాష్ట్రంలో చిన్నగా అమ్మేటప్పుడు దాని జోలికి వెళ్లక్కర్లేదు. కానీ పన్ను పడే సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే, అమ్మకం ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అడుగుతుంది చట్టం. గుంటూరు నుంచి హైదరాబాద్‌కి పంపినా రాష్ట్రం దాటినట్టే. అందుకని మొదటి నెలలు మీ రాష్ట్రంలోనే అమ్మండి. బయటి ఆర్డర్లు పెరుగుతున్నాయనిపిస్తే ఒక అకౌంటెంటుని కూర్చోబెట్టి అడిగాకే ముందుకెళ్లండి.

ఫోను

సొంత నంబరు వాడొద్దు. ఒక కొత్త సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టండి. అది ఉచితమే, మామూలు వాట్సాప్ ఉన్న ఫోనులోనే రెండూ ఉంటాయి. సొంత నంబరు ఎందుకు వద్దంటే, ఫోను చూసుకునే అక్క కూతురి పురిటికి వెళ్తుంది, లేదా సంఘం నుంచే తప్పుకుంటుంది. అప్పుడు కొన్నవాళ్ల నంబర్లన్నీ ఆమెతోపాటే వెళ్లిపోతాయి. సిమ్ సంఘానిదని తీర్మానాల పుస్తకంలో రాయించండి. ఆ ఒక్క ఖాతానే ఇంకో నాలుగు ఫోన్లకి కలుపుకోవచ్చు కాబట్టి, ఒకరు లేనప్పుడు ఇంకొకరు జవాబివ్వచ్చు.

ప్రొఫైల్‌లో సంఘం పేరు, ఊరు, ఆర్డరు తీసుకునే వేళలు పెట్టండి. కేటలాగులో ఇప్పుడు ఒక్కటే వస్తువు, ధరతో సహా. "ధర కోసం మెసేజ్ చేయండి" అని దాచకండి. అడగడానికి మొహమాటపడి సగం మంది వెళ్లిపోతారు.

ఫోటోకి పెద్ద హంగామా అక్కర్లేదు. పొద్దున కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. స్టీలు పళ్లెం వద్దు, అందులో ఫోను నీడ కనిపిస్తుంది. అరిటాకు ముక్క మీద వేడన్నం, పక్కన పొడి, దాని మీద నెయ్యి కరుగుతున్నప్పుడు ఒకటి. ప్యాకెట్ మీద తేదీ చదవగలిగేంత దగ్గరగా ఇంకొకటి. రెండో ఫోటోనే ఎక్కువ అమ్ముతుంది. పప్పు వేగుతున్న చప్పుడు వినిపించేలా ఇరవై సెకన్ల వీడియో తీస్తే స్టేటస్‌కి సరిపోతుంది. తర్వాత ఎప్పుడైనా ఇన్‌స్టాగ్రామ్ తెరిచినా ఆ వీడియోనే వాడుకోవచ్చు. దాని వెనక పాట పెట్టకండి, ఆ చప్పుడే వినాలి.

ఎవరికి పంపాలి? ఊరొదిలి మీ రాష్ట్రంలోని పట్నాల్లో ఉంటున్న మీ సొంతవాళ్లకి. పది మంది కూర్చుని తలా ఐదుగురి పేర్లు రాయండి: ఆడపడుచు, మేనల్లుడు, ఒకప్పుడు పక్కింట్లో ఉన్నవాళ్లు. యాభై పేర్లు వస్తాయి. మొదటి మెసేజ్ ఆయా అక్కే తన ఫోను నుంచి, పేరు పెట్టి పిలిచి పంపాలి. "సంఘం నంబరు ఇది, సేవ్ చేసుకో" అని అడగాలి. ఈ సేవ్ చేసుకోవడం ముఖ్యం, ఎందుకంటే ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో అడ్మిన్‌ని అడగకుండా పెట్టొద్దు. తెలియని నంబర్లకి వరుసగా పంపితే, నలుగురు రిపోర్ట్ కొడితే నంబరే బ్లాక్ అవ్వొచ్చు.

మెసేజ్ ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండీ. మా సంఘం అక్కలం కలిసి కంది పొడి చేస్తున్నాం. వెల్లుల్లి, నూనె వేయలేదు. 200 గ్రాముల ప్యాకెట్ 100 రూపాయలు, కనీసం రెండు. పార్శిల్ చార్జీ అదనం. గురువారం రాత్రి 8 దాకా ఆర్డర్లు తీసుకుంటాం, శనివారం చేస్తాం, సోమవారం పార్శిల్ వేస్తాం. కావాలంటే ఎన్ని ప్యాకెట్లో రాయండి. మెసేజ్‌లు వద్దనుకుంటే చెప్పండి, పంపం."

గురువారం గడువు ఎందుకంటే, ఎన్ని ప్యాకెట్లు కావాలో తెలిశాకే పప్పు కొంటారు. సోమవారం ఎందుకంటే, శనివారం వేసిన పార్శిల్ ఆదివారమంతా ఎక్కడో మూటల కింద నలుగుతూ ఉంటుంది.

డబ్బు

సంఘం ఖాతా ఇద్దరు ముగ్గురి సంతకాలతో నడుస్తుంది కాబట్టి దానికి యూపీఐ తగిలించడం మామూలుగా కుదరదు. ఒక సభ్యురాలి పేరు మీద ఇందుకోసమే విడిగా ఒక పొదుపు ఖాతా పెట్టుకోండి. ఇంటి ఖర్చులు, గ్యాసు సబ్సిడీ, పిల్లల ఫీజు ఏవీ అందులోకి రాకూడదు. ప్రతి మీటింగు రోజూ స్టేట్‌మెంటు అందరి ముందూ చదివి, అప్పటిదాకా వచ్చిన డబ్బుని సంఘం ఖాతాలో జమ చేయండి. ఈ ఒక్కటి జరగని సంఘాల్లో గొడవలు పొడి వల్ల రావు, ఖాతా వల్ల వస్తాయి.

డబ్బు వచ్చాకే పార్శిల్. డబ్బు వచ్చిందని ఎలా తెలుస్తుంది? వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు. అలాంటి బొమ్మ తయారుచేయడం రెండు నిమిషాల పని. మీ ఖాతాలో మీరు చూడాలి, యాప్‌లో హిస్టరీ తెరిచి. సర్వర్ బిజీ అని కనబడకపోతే కనబడేదాకా ఆగండి, సోమవారం కాకపోతే మంగళవారం పంపుతారు.

ఇంకో మోసం తెలిసి ఉండాలి. కొత్త నంబరు నుంచి ఒకాయన మాట్లాడతాడు. మిలటరీ క్యాంపు అంటాడు, వంద ప్యాకెట్లు కావాలంటాడు, ధర కూడా బేరమాడడు. "మా ఆఫీసు పద్ధతిలో ముందు ఒక రూపాయి పంపిస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. డబ్బు తీసుకోవడానికి ఎప్పుడూ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ కొడితే మన డబ్బు వెళ్తుంది. బేరమాడకుండా వంద ప్యాకెట్లు కొనే మనిషిని నేనింతవరకూ చూడలేదు, అక్కడే అనుమానం రావాలి. ఒకవేళ డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. సిగ్గుపడి రేపటిదాకా ఆగితే దొరికే డబ్బు కూడా దొరకదు.

పార్శిల్

ఇప్పుడు ఆ 200 గ్రాముల సంగతి. స్పీడ్ పోస్టులో అయినా, చాలా కొరియర్లలో అయినా అర కిలో ఒక మెట్టు. అర కిలో తూకానికి ఒక ధర, అది దాటితే పై అర కిలోకి ఇంకో ధర. పావుకిలో ప్యాకెట్లు రెండు పెడితే పొడే 500 అయిపోతుంది, కవర్లు, అట్టపెట్టె, టేపు కలిపి 570 తూగుతుంది. ఆ 70 గ్రాముల కోసం పై మెట్టు చార్జీ కట్టాలి. 200 ప్యాకెట్లు రెండైతే 400, కవర్లు 20, పెట్టె 50, మొత్తం 470. మెట్టు లోపలే ఉంటుంది. నాలుగు ప్యాకెట్లు కూడా కిలో దాటవు. మూడు అడిగినవాళ్లకి "అదే పార్శిల్ చార్జీకి నాలుగోది కూడా వస్తుందండీ" అని చెప్పండి. నిజమే కాబట్టి చాలామంది తీసుకుంటారు.

పెట్టె మరీ పెద్దది వాడకండి. కొన్ని కొరియర్లవాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తు ఉన్న పెట్టెకి ఆ లెక్కన 1 కిలో 800 గ్రాములు వస్తుంది, లోపల అర కిలో కూడా లేకపోయినా. ప్యాకెట్లు రెండూ పక్కపక్కన సరిపోయేంత పెట్టె చాలు. ఖాళీ ఉంటే పాత పేపరు కుక్కండి, ఊపితే చప్పుడు రాకూడదు.

పార్శిల్ చార్జీని ధరలో కలిపి "ఫ్రీ డెలివరీ" అనొద్దు. పక్క జిల్లాకీ, రాష్ట్రం చివరకీ చార్జీ ఒకటి కాదు, తేడా మీ 32 రూపాయల్లోంచి పోతుంది. ఆర్డరు తీసుకున్నప్పుడు పేరు, ఇంటి నంబరుతో అడ్రసు, పిన్‌కోడ్, ఫోను నంబరు రాయించుకుని, మీరు రాసుకున్నది తిరిగి వాళ్లకి పంపి "సరేనా అండీ" అని అడగండి. పిన్‌కోడ్‌లో ఒక్క అంకె తప్పినా పార్శిల్ వారం రోజులు తిరిగి వెనక్కి వస్తుంది. వేసిన రోజే ట్రాకింగ్ నంబరు రసీదు ఫోటో తీసి పంపితే "ఎప్పుడొస్తుంది" అనే ఫోన్లు సగం తగ్గుతాయి. అమెరికా పార్శిళ్ల మాట ఇప్పుడే ఎత్తొద్దు, దానికి వేరే నియమాలు, వేరే లెక్క.

ఫిర్యాదు వస్తే

వస్తుంది. "గడ్డలు కట్టింది", "వాసన తేడాగా ఉంది" అని మెసేజ్ వస్తే ముందు వాదించకండి. ప్యాకెట్ మీద దఫా నంబరు కనిపించేలా ఫోటో అడగండి. అదే దఫాలో ఇంకెవరికి పంపారో నోటు పుస్తకంలో చూసి, వాళ్లలో ఇద్దరికి మీరే ఫోను చేసి అడగండి. వాళ్లవి బాగుంటే అది ఒక్క సీలు తప్పు, కొత్త ప్యాకెట్ పంపేస్తే సరిపోతుంది. వాళ్లవీ అలాగే ఉంటే ఆ దఫా మొత్తం సరిగ్గా ఆరలేదన్నమాట. అప్పుడు అందరికీ మీరే ముందుగా "అది వాడకండి, వేరేది పంపుతున్నాం" అని చెప్పాలి. 22 ప్యాకెట్ల దఫాకి అది భరించగలిగే నష్టం. మొదట్లోనే వంద ప్యాకెట్లు చేయొద్దని చెప్పేది ఇందుకే.

నోటు పుస్తకంలో ఒక్కో ఆర్డరుకి ఒక్క వరుస చాలు: తేదీ, పేరు, ఊరు, దఫా నంబరు, ఎన్ని ప్యాకెట్లు, డబ్బు అందిందా, పార్శిల్ వేసిన రోజు. చివర ఒక గడి ఖాళీగా ఉంచి, అదే మనిషి మళ్లీ అడిగినప్పుడు అక్కడ టిక్కు పెట్టండి. మూడు నెలలయ్యాక ఆ గడి చూడండి. మొదటిసారి కొన్నవాళ్లలో చాలామంది మొహమాటానికి కొన్నవాళ్లే అయ్యుంటారు. టిక్కు ఉన్నవాళ్లే మీకు నిజంగా దొరికినవాళ్లు. రెండో వస్తువు ఏది పెట్టాలో నలుగురూ కూర్చుని ఊహించే బదులు వాళ్లనే అడగండి. కరివేపాకు పొడి అంటారో, నువ్వుల పొడి అంటారో. ఏది చెప్పినా, ఒక చిన్న దఫా చేసి మూడు ప్యాకెట్లు అటక మీదికి ఎక్కించాకే కేటలాగులో పెట్టండి.